రిపోర్టు ఫొటోలో లేని కణాలు: ఒక పాప్ స్మియర్ కేసు

ఆమె వయసు 36. ఒక బాబు. నెలసరి సక్రమంగానే వస్తోంది, కాపర్-టీ లాంటిదేమీ వేయించుకోలేదు, హార్మోన్ మాత్రలు వాడటం లేదు. మామూలు స్క్రీనింగ్‌లో భాగంగా గైనకాలజిస్ట్ గర్భాశయ ముఖద్వారం నుంచి స్మియర్ తీసి మా ల్యాబ్‌కి పంపారు. ఫారం మీద "ఫిర్యాదులేమీ లేవు" అని రాసి ఉంది. నాలుగేళ్ల కిందటి స్మియర్ నార్మల్.

స్లైడ్ చూశాక మేం రాసిన రిపోర్టులో రెండు భాగాలున్నాయి. మొదటిది ఎల్‌సిల్, అంటే ముఖద్వారం పైపొరలోని చదునైన స్క్వామస్ కణాల్లో తక్కువ స్థాయి మార్పు. రెండోది ఏఎస్‌సీ-హెచ్, అంటే ఎక్కువ స్థాయి మార్పు ఉండొచ్చని అనుమానం కలిగించే కొన్ని కణాలు. కింద ఒక వాక్యం: కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్ష, చేయించుకోవాలి. పక్కన ఒక రంగు ఫొటో.

ఆ ఫొటోతోనే ఆమెకి టెన్షన్ మొదలైంది. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేలోపే ఇంటర్నెట్‌లో అలాంటి బొమ్మలు వెతికి, దాదాపు అలాగే ఉన్నవి దొరికేసరికి నిద్ర పట్టలేదట. "పాథాలజిస్ట్‌తోనే ఒకసారి మాట్లాడండి" అని గైనకాలజిస్ట్ ఆమెని నా దగ్గరికి పంపారు. నేను పేషెంట్లను చూడటం అరుదు. వచ్చినప్పుడు మాత్రం మైక్రోస్కోప్ పక్కనే కూర్చోబెట్టి స్లైడ్ చూపిస్తాను. స్క్రీన్ మీద కణాలు చూస్తూ వింటే విషయం తొందరగా అర్థమవుతుంది.

"డాక్టర్ గారూ, ఈ ఫొటోలో ఉన్నవి క్యాన్సర్ కణాలేనా?" అన్నది ఆమె మొదటి ప్రశ్న.

"ఫొటోలో ఉన్నవి కావండి. మిమ్మల్ని కాల్పోస్కోపీకి పంపమన్నది ఫొటోలో ఉన్న కణాల వల్ల కూడా కాదు" అన్నాను. ఈ కేసంతా ఆ రెండో మాట చుట్టూనే తిరుగుతుంది.

భయపెట్టే పెద్ద కణాలు

రిపోర్టులో పెట్టడానికి టెక్నీషియన్లు స్లైడ్‌లో అందరికీ స్పష్టంగా కనిపించే చోటు చూసి ఫొటో తీస్తారు. ఈ స్లైడ్‌లో అలాంటివి చాలానే ఉన్నాయి. వెడల్పాటి కణం, మధ్యలో ముదురు నీలం రంగులో ముడుచుకుపోయిన పెద్ద కేంద్రకం, దాని చుట్టూ కత్తిరించినట్టు ఖాళీ వలయం, ఆ వలయం అంచున దట్టంగా పేరుకున్న కణద్రవ్యం. కొన్నింటిలో రెండేసి కేంద్రకాలు. వీటిని కాయిలోసైట్లు అంటాం. హ్యూమన్ పాపిలోమా వైరస్, వాడుకలో హెచ్‌పీవీ, కణంలోకి చేరి అక్కడ తన సంతతిని పెంచుకుంటోందనడానికి ఇది గుర్తు.

ఇవి అసహజమైనవని ఎలా తేలుస్తామని ఆమె అడిగింది. ప్రతి స్లైడ్‌లోనూ మాకొక కొలబద్ద సిద్ధంగా ఉంటుంది. ముఖద్వారాన్ని కప్పే పొరలో మధ్య వరుస నుంచి రాలిన మామూలు కణాలు పక్కనే కనిపిస్తూ ఉంటాయి. వాటి కేంద్రకం వైశాల్యం సుమారు 35 చదరపు మైక్రాన్లు. అనుమానం వచ్చిన కేంద్రకం దానికి మూడింతలు దాటి, రంగు ముదిరి, అంచు వంకరలు తిరిగి ఉంటే తక్కువ స్థాయి మార్పు అంటాం. రెండున్నర నుంచి మూడింతల మధ్య ఊగిసలాడుతూ, మిగతా లక్షణాలు కూడా సగం సగంగా ఉంటే "అర్థం తేలని మార్పు" అనే గడిలో పెడతాం. ఇన్ఫెక్షన్ వల్ల కూడా కేంద్రకం చుట్టూ సన్నటి తెల్లటి వలయం రావచ్చు. అయితే అది చిన్నదిగా, అంచు మసకగా ఉంటుంది, లోపలి కేంద్రకం దాదాపు మామూలుగానే ఉంటుంది. వలయాన్ని బట్టి కాక కేంద్రకాన్ని బట్టే నిర్ణయించాలని జూనియర్లకు మొదటి వారమే చెబుతాం.

చూడ్డానికి వికృతంగా ఉన్నా కాయిలోసైట్లు ఎదిగిన కణాలే. పొర అడుగున పుట్టి, పైకి వస్తూ వెడల్పయి, చివరికి రాలిపోయే మామూలు ప్రయాణాన్ని అవి పూర్తి చేశాయి. వైరస్ ఆ ప్రయాణాన్ని ఆపలేదు, దాన్ని వాడుకుంది. హెచ్‌పీవీ సోకిన వాళ్ళలో ఎక్కువ మందికి, పదింట తొమ్మిది మంది దాకా, ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని అదుపు చేస్తుంది. ఈ మార్పులూ వాటంతట అవే పోతాయి. స్లైడ్‌లో కాయిలోసైట్లు మాత్రమే ఉండి ఉంటే నేను ఆమెతో మాట్లాడే తీరు వేరుగా ఉండేది.

నిర్ణయం మార్చిన చిన్న కణాలు

స్లైడ్‌ని ఇంకో చోటికి జరిపాను. అక్కడ కొన్ని విడివిడిగా, కొన్ని రెండు మూడు కలిసి చిన్న కణాలు ఉన్నాయి. వాటి మీద మార్కర్ చుక్కలు పెట్టి ఉంచాం. మొత్తం కలిపి పది పన్నెండు ఉంటాయేమో. పక్కనున్న కాయిలోసైట్‌లో నాలుగో వంతు కూడా లేవు.

"ఇవి ఫొటోలో వాటికంటే చాలా చిన్నవి కదండీ?" అందామె.

చిన్నవి కావడమే ఇక్కడి చిక్కు. వీటి కేంద్రకాలు కాయిలోసైట్ల కేంద్రకాలంత పెద్దవి కూడా కావు, మామూలు దానికి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు. కానీ చుట్టూ కణద్రవ్యం సన్నటి అంచులా మిగిలింది. కణమంతా కేంద్రకమే ఆక్రమించింది. లోపలి జన్యు పదార్థం, క్రోమాటిన్, గరుగ్గా ఉంది, కేంద్రకం అంచు రెండు మూడు చోట్ల లోపలికి నొక్కుకుపోయింది. అంటే ఈ కణం ఎదగకుండానే పై పొరకి చేరి రాలింది. అడుగున ఉండాల్సిన, ఇంకా విభజన చెందే లక్షణమున్న కణాలు పై దాకా వచ్చేశాయంటే, పొరలో ఎదుగుదల క్రమం తప్పినట్టు. స్మియర్‌లో మమ్మల్ని కలవరపెట్టేది ఇదే.

అలాంటప్పుడు దీన్ని సూటిగా హెచ్‌సిల్, అంటే ఎక్కువ స్థాయి మార్పు అని ఎందుకు రాయలేదు? కణాలు తక్కువగా ఉన్నాయి. పైగా చిన్న కణమై, పెద్ద కేంద్రకం ఉన్నవన్నీ చెడ్డవి కావు. ముఖద్వారం బయటి వైపు స్క్వామస్ పొర, లోపలి వైపు గ్రంథి కణాల పొర ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట గ్రంథి పొర మెల్లగా స్క్వామస్ పొరగా మారుతూ ఉంటుంది. ఆ ప్రాంతాన్నే ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ అంటారు. ఆ మార్పులో ఉన్న లేత కణాలు కూడా ఇలాగే గుండ్రంగా, చిన్నగా, కేంద్రకం పెద్దదిగా కనిపిస్తాయి. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గి పొర పలచబడితే మొత్తం స్లైడంతా ఇలాంటి కణాలే ఉండొచ్చు. కాపర్-టీ ఉన్నవాళ్లలో గర్భాశయం నుంచి విడిగా రాలే కణాలు అచ్చం వీటినే పోలి ఉంటాయి. నెలసరి మొదటి పది పన్నెండు రోజుల్లో తీసిన స్మియర్‌లో గర్భాశయం లోపలి పొర కణాలు రావడం మామూలే, అవీ చిన్నవే.

అందుకే రిపోర్టు రాసేముందు ఫారం మళ్ళీ చూస్తాం, ఖాళీలుంటే గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేస్తాం. వయసెంత, చివరి నెలసరి ఎప్పుడు, కాపర్-టీ ఉందా, పాలిస్తున్నారా, ఇంతకుముందు చికిత్సేమైనా జరిగిందా. ఈ కేసులో నెలసరి మొదలై పద్దెనిమిదో రోజున స్మియర్ తీశారు. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు "లేదు" అనే వచ్చింది. పోలికలతో మోసం చేసే కారణాల్లో ఒక్క లేత కణాల సంగతే మిగిలింది. దాన్ని స్లైడ్ మీద పూర్తిగా తోసిపుచ్చలేకపోయాం, పూర్తిగా ఒప్పుకోలేకపోయాం. ఏఎస్‌సీ-హెచ్ అనే గడి ఉన్నది సరిగ్గా ఇలాంటి పరిస్థితి కోసమే.

ఈ గడి చూసి డాక్టర్లలో కూడా కొందరు "ఏదీ తేల్చలేదు కాబట్టి పెద్దగా ఏమీ లేనట్టే" అనుకుంటారు. నాకు చిరాకు తెప్పించే మాట ఇది. ఏఎస్‌సీ-హెచ్ వచ్చిన వాళ్ళని కాల్పోస్కోపీతో పరీక్షిస్తే సుమారు మూడో వంతు మందిలో, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ మందిలో, చికిత్స అవసరమైన మార్పు బయటపడుతుంది. మిగతావాళ్లలో అలాంటిది దొరకదు. ఎవరు ఎటు వైపు అన్నది స్మియర్ చెప్పలేదు.

స్మియర్ ఎందుకు చెప్పలేదు

ఇక్కడ ఆమె సూటిగానే అడిగింది: "ఇంత పెద్దగా చేసి చూస్తున్నారు కదా, ఉందో లేదో మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

స్మియర్‌లో వచ్చేది పొర పైనుంచి గీకితే ఊడివచ్చిన విడి కణాలు. వ్యాధి స్థాయిని నిర్ణయించేది మాత్రం పొర మందంలో ఎంత భాగం వరకు అసహజ కణాలు నిండాయన్నది. అడుగు మూడో వంతు వరకే ఉంటే సిన్ 1, మూడింట రెండు వంతుల దాకా అయితే సిన్ 2, అంతకు మించి పైదాకా ఉంటే సిన్ 3. ఈ మూడింటిలోనూ పొర అడుగున ఉండే సన్నటి గట్టు లాంటి బేస్‌మెంట్ మెంబ్రేన్ చెక్కుచెదరదు. దాన్ని దాటి కిందికి దిగినప్పుడే అది క్యాన్సర్ అవుతుంది. విడి కణాల్లో ఈ లోతులేవీ కనిపించవు. ఊడిపడిన తలుపు చెక్క పెచ్చులు చూసి చెద ఎంత లోతుకి వెళ్లిందో చెప్పమన్నట్టే ఉంటుంది మా పని. చెద ఉందని చెప్పగలం, ఏ రకందో ఒక అంచనా వేయగలం, లోతు మాత్రం చెక్కని నిలువునా కోసి చూసినవాడే చెప్పాలి. ఆ కోసి చూడటమే బయాప్సీ. ఎక్కడ కోయాలో చూపించేది కాల్పోస్కోపీ.

కాబట్టి స్మియర్ ఒక జల్లెడ పరీక్ష. అది వేసిన ప్రశ్నకు తర్వాతి పరీక్ష జవాబు చెబుతుంది. రిపోర్టు కింద "కాల్పోస్కోపీ" అని రాయడం రోగనిర్ధారణ అయిపోయిందని కాదు, ఇంకా కాలేదని.

ఆమెకి అంతకుముందే దొరికిన మూడు సలహాలు

నా దగ్గరికి వచ్చేలోపే ఆమెకి తెలిసినవాళ్ళ నుంచి మూడు సలహాలు అందాయి. మూడూ మేం తరచుగా వినేవే.

మొదటిది, "ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది, ఒక కోర్సు మందులు వాడి మూడు నెలల తర్వాత మళ్ళీ స్మియర్ తీయించు." ఇన్ఫెక్షన్ వల్ల కణాల్లో మార్పులు రావడం నిజమే. వాటిని మేం వేరే గడిలో, ప్రమాదం లేనివిగా రాస్తాం. ఏఎస్‌సీ-హెచ్‌కి యాంటీబయాటిక్ మందు కాదు. మళ్ళీ స్మియర్ తీయించడంలో ఉన్న అసలు ప్రమాదం, అది నార్మల్ అని రావడమే. అసహజ ప్రాంతం చిన్నదైతే, లేదా ముఖద్వారం కాలువలోకి జరిగి ఉంటే, బ్రష్ ఒకసారి తగులుతుంది, ఇంకోసారి తగలదు. ఒక్క స్మియర్ నిజమైన మార్పుల్ని గణనీయంగానే వదిలేస్తుంది. ఆ వదిలేయడంలో ఎక్కువ భాగం కణాలు స్లైడ్ దాకా రాకపోవడం వల్ల, తక్కువ భాగం వచ్చిన కణాల్ని చూసేవాళ్ళు గుర్తించకపోవడం వల్ల. కాబట్టి ఒక స్మియర్‌లో కనిపించిన అనుమానాస్పద కణాన్ని తర్వాతి స్మియర్‌లో కనిపించకపోవడం రద్దు చేయలేదు.

నాలుగేళ్ల కిందటి నార్మల్ స్మియర్ సంగతి కూడా ఇందులోదే. ఆ పాత స్లైడ్ మా దగ్గరే ఉంది కాబట్టి తీసి మళ్ళీ చూశాం. ఇలాంటి కేసు వస్తే పాతవి తిరగేయడం ల్యాబ్‌లలో పాటించే పద్ధతి. అందులో అసహజ కణాలేమీ లేవు. కానీ ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ నుంచి రావాల్సిన గ్రంథి కణాలు గానీ లేత కణాలు గానీ కూడా లేవు, అంతా బయటి పొర కణాలే. ఆ మాట అప్పటి రిపోర్టులోనే ఒక వాక్యంగా ఉంది. దాని వల్ల స్మియర్ చెల్లకుండా పోదు, సరిపడా కణాలుంటే చెల్లుతుంది. కాకపోతే మార్పులు పుట్టే చోటు ఆ స్లైడ్ మీదికి వచ్చిందో లేదో చెప్పలేం.

రెండో సలహా హెచ్‌పీవీ టెస్ట్ చేయించి, అది నెగెటివ్ వస్తే ఊరుకోమని. ఆమె శాంపిల్ ద్రవంలో భద్రపరిచి పంపే పద్ధతిలో వచ్చింది కాబట్టి అదే సీసాలో మిగిలిన దానితో ఆ టెస్ట్ చేయగలిగాం. ఆమెకి హెచ్‌పీవీ 16 పాజిటివ్ వచ్చింది. ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం, అందులో 16దే పెద్ద వాటా. నెగెటివ్ వచ్చి ఉన్నా కాల్పోస్కోపీకే పంపేవాళ్ళం. "అర్థం తేలని మార్పు" అనే తేలికపాటి గడికి హెచ్‌పీవీ టెస్ట్ దారి చూపుతుంది, ఏఎస్‌సీ-హెచ్‌కి మాత్రం దాని ఫలితం ఏదైనా కాల్పోస్కోపీ తప్పదు.

మూడోది అన్నిటికంటే పెద్దది: "పిల్లాడు ఉన్నాడు కదా, గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది." స్మియర్ రిపోర్టు ఒక్కటీ చేతిలో పెట్టుకుని ఆ పని చేయకూడదు. ఆమెకి ఉన్నది తక్కువ స్థాయి మార్పే అయితే అనవసరంగా పెద్ద ఆపరేషన్ జరిగినట్టు. అదే, ఎక్కడైనా క్యాన్సర్ దాగి ఉంటే, మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ దానికి సరైన చికిత్స కాకపోవచ్చు. చుట్టుపక్కల కణజాలం ఎంత తీయాలి, రేడియేషన్ కావాలా అన్నవి ముందే తేలాలి. ఆపరేషన్ అయ్యాక తెలిస్తే మళ్ళీ సరిదిద్దడం కష్టం. రెండు వైపులా నష్టమే.

ఇంకో ప్రశ్న ఆమె చివరిదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది. ఈ వైరస్ ఎప్పుడు, ఎవరి వల్ల వచ్చిందని. ఇది ఏ పరీక్షా చెప్పలేదు. హెచ్‌పీవీ శారీరక సంబంధం ద్వారా సోకుతుంది, కానీ సోకాక ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఈరోజు పాజిటివ్ రావడం ఈ మధ్య సోకిందనడానికి రుజువు కాదు. భార్యాభర్తల్లో ఎవరికి ముందు, ఎప్పుడు అని దాన్ని బట్టి లెక్క కట్టలేం. ఇంట్లో ఆ గొడవకి ఈ కాగితాన్ని వాడుకోవద్దని ఆమెకి చెప్పాను. ఆయన్ని కూడా తీసుకొస్తే ఆయనకీ ఇదే చెబుతానన్నాను.

కాల్పోస్కోపీలో ఏం కనిపించింది

రెండు వారాల తర్వాత గైనకాలజిస్ట్ కాల్పోస్కోపీ చేశారు. ఇదేదో ఆపరేషన్ అనుకుని చాలామంది వాయిదా వేస్తారు. స్మియర్‌కి పడుకున్నట్టే పడుకోవాలి. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూపించే దూరపు మైక్రోస్కోప్ లాంటి పరికరం బయటే ఉంటుంది. ముఖద్వారానికి 5 శాతం అసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగుతారు. కేంద్రకాలు పెద్దవై దగ్గర దగ్గరగా ఇరుక్కున్న చోట పొర తెల్లబడుతుంది. స్మియర్‌లో మేం చూసిన "కణమంతా కేంద్రకమే" అన్న లక్షణమే ఇక్కడ తెల్లటి మచ్చగా కనిపిస్తుంది. మెత్తగా తెల్లబడి త్వరగా మాసిపోతే తేలిక మార్పు. చిక్కగా తెల్లబడి చాలాసేపు నిలిస్తే గట్టి మార్పు.

ఆమెకి ముఖద్వారం పై పెదవి మీద వెడల్పాటి పలచని తెల్ల మచ్చ ఉంది, అంచులు మ్యాప్‌లో తీరరేఖలా వంకరటింకరగా ఉన్నాయి. దానిలోనే, కాలువ నోటికి ఆనుకుని, ఇంకో చిన్న మచ్చ చిక్కటి తెలుపులో, గీత గీసినట్టున్న అంచుతో ఉంది. ఒక తెల్ల మచ్చ లోపల ఇలా రెండో అంచు కనబడితే లోపలిదాని మీద అనుమానం పెంచుకోవాలి. అయోడిన్ పూస్తే మామూలు పొర గ్లైకోజన్ వల్ల ముదురు గోధుమ రంగుకి తిరిగింది, ఈ రెండు మచ్చలూ పసుపుగానే మిగిలాయి. రెండు పొరలు కలిసే గీత చుట్టూ పూర్తిగా కనిపించింది. ఇది ముఖ్యమైన విషయం. ఆ గీత కాలువ లోపలికి వెళ్ళిపోయి కనిపించకపోతే, బయట ఏమీ లేదన్న మాటకు విలువ తగ్గుతుంది, కాలువ లోపలి నుంచి కూడా గీకి పంపాలి.

గైనకాలజిస్ట్ బయటి పలచని మచ్చ నుంచి ఒకటి, లోపలి చిక్కటి మచ్చ నుంచి రెండు చిన్న ముక్కలు తీశారు. ఒక్క ముక్కతో సరిపెట్టకుండా ఎక్కువ చోట్ల నుంచి తీయడం వల్ల గట్టి మార్పు తప్పిపోయే అవకాశం తగ్గుతుంది. బయటి మచ్చ నుంచి మాత్రమే తీసి ఉంటే ఈ కేసు మలుపు వేరేలా ఉండేది.

ముక్కలు మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి. బయటి మచ్చ సిన్ 1. పై వరసల్లో కాయిలోసైట్లు, రిపోర్టు ఫొటోలో ఉన్నవి రాలింది ఇక్కణ్ణుంచే. లోపలి మచ్చలోని రెండు ముక్కల్లోనూ సిన్ 3. అడుగు నుంచి పైదాకా అవే చిన్న కణాలు, పై మూడో వంతులో కూడా విభజన చెందుతున్న కణాలు. బేస్‌మెంట్ మెంబ్రేన్ అంతటా నిలిచే ఉంది. క్యాన్సర్ లేదు.

ఒక స్మియర్‌లో రెండు రకాల కణాలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైంది. పక్కపక్కనే రెండు వేర్వేరు దశల మార్పులున్నాయి. పెద్దది విస్తారంగా ఉండి ఎక్కువ కణాల్ని రాల్చింది. చిన్నది కాలువ నోటి దగ్గర నక్కి కొన్నిటినే పంపింది.

సిన్ 3 రాకపోయి ఉంటే

ఇది తప్పకుండా చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే ఏఎస్‌సీ-హెచ్ వచ్చిన వాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. బయాప్సీలో సిన్ 1 మాత్రమే వచ్చినా, ఏమీ లేదని వచ్చినా, ఫైలు మూసేయం. స్మియర్, బయాప్సీ స్లైడ్లు రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూస్తాం. స్మియర్‌లోని చిన్న కణాలు లేత కణాలే అని తేలితే రిపోర్టు సవరిస్తాం. అవి అనుమానాస్పదంగానే నిలిస్తే, ముక్క తీసిన చోటు సరైందేనా, రెండు పొరలు కలిసే గీత కనిపించిందా అని గైనకాలజిస్ట్‌తో మాట్లాడతాం. కాల్పోస్కోపీ సంతృప్తికరంగా ఉంటే వెంటనే చికిత్స చేయకుండా, ఏడాదికోసారి చొప్పున రెండేళ్లు హెచ్‌పీవీ పరీక్ష ఆధారంగా గమనిస్తారు. ఆ రెండూ నెగెటివ్ వస్తే మామూలు స్క్రీనింగ్ వైపు తిరిగి రావచ్చు. "అనవసరంగా భయపెట్టారు" అనిపించే కేసులు వీటిలోంచే వస్తాయి. ఆ విసుగు నాకు తెలుసు. కానీ ముందుగా ఎవరిది ఏదో తెలిసే దారి లేదు.

చికిత్స, ఆ తర్వాత

సిన్ 3ని వదిలేస్తే ఏమవుతుందన్నదానికి బలమైన ఆధారం న్యూజిలాండ్‌లో ఉంది. అక్కడ ఒకప్పుడు చికిత్స సరిగా అందని సిన్ 3 స్త్రీలను దశాబ్దాల పాటు గమనించగా, 30 ఏళ్లలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స అందిన వాళ్ళలో అది ఒక శాతం కూడా లేదు. ఈ అంకెని నేను పేషెంట్లకు రెండు వైపుల నుంచీ చదివి వినిపిస్తాను. చికిత్స లేకపోయినా అందరికీ క్యాన్సర్ రాలేదు, వచ్చిన వాళ్ళకి కూడా ఏళ్లు పట్టింది. కాబట్టి రేపే ఆపరేషన్ కావాలని కంగారు పడక్కర్లేదు. అయితే 36 ఏళ్ల మనిషికి ముందున్న కాలం 30 ఏళ్లకి పైమాటే. ఎవరిది ముదురుతుందో ఎవరిది ఆగుతుందో చూసి చెప్పే మార్గం లేదు కాబట్టి సిన్ 3 అయితే తీసేస్తాం.

ఆమెకి లీప్ అనే పద్ధతిలో, మత్తు ఇంజెక్షన్ ఆ చోటికి మాత్రమే ఇచ్చి, కరెంటు ప్రవహించే సన్నటి తీగ వలయంతో ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్‌ని తీశారు. అదే రోజు ఇంటికి వెళ్ళింది. ఇంకో బిడ్డ కావాలన్న ఆలోచన ఉందని ముందే చెప్పడంతో లోతు 10 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకున్నారు. ఎక్కువ లోతుగా తీస్తే తర్వాతి కాన్పు నెలలు నిండకముందే జరిగే అవకాశం పెరుగుతుంది. స్మియర్ ఒక్కదాన్ని నమ్మి అందరికీ ఇలా తీసేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

తీసిన ముక్కని పూర్తిగా చిన్న చిన్న భాగాలు చేసి చూశాం. సిన్ 3 కాలువ వైపు అంచుకి దూరంగానే ఆగింది. క్యాన్సర్ ఎక్కడా లేదు. బయటి అంచు దగ్గర మాత్రం కొద్దిగా సిన్ 1 మిగిలింది. ఆ మాట చదివి ఆమె మళ్ళీ ఫోన్ చేసింది.

"మొత్తం తీసేశామన్నారు కదండీ, అంచు దగ్గర ఉందని రాశారేంటి?"

"గట్టిది మొత్తం వచ్చేసింది. మిగిలింది ఆ తేలిక రకం, దానికి మళ్ళీ కోత అక్కర్లేదు. ఆరు నెలల పరీక్షలో హెచ్‌పీవీ ఉందో లేదో చూద్దాం" అన్నాను.

ఆరు నెలలకి హెచ్‌పీవీ పరీక్ష నెగెటివ్ వచ్చింది. దాంతోపాటు తీసిన స్మియర్‌లో కేంద్రకాలు కాస్త పెద్దవిగా, లోపల న్యూక్లియోలస్ చుక్కలు ప్రస్ఫుటంగా ఉన్న కణాల గుంపులు కనిపించాయి. చికిత్స జరిగిన చోట కొత్త పొర అల్లుకునేటప్పుడు ఇలాంటివి వస్తాయి. ఒకదానికొకటి అంటిపెట్టుకుని, కేంద్రకాలన్నీ ఒకే దిక్కుకి తిరిగి, అంచులు నున్నగా ఉంటాయి. ఫారం మీద "లీప్ జరిగింది, ఆరు నెలలు" అని గైనకాలజిస్ట్ రాయడం వల్ల వాటిని మానుతున్న కణాలుగా చదవడం తేలికైంది. ఆ వాక్యం లేని ఫారాలు వస్తే మేం ఇప్పటికీ ఫోన్ ఎత్తాల్సిందే.

ఇకమీదట ఏడాదికోసారి చొప్పున మూడుసార్లు, అవి వరుసగా నెగెటివ్ వస్తే ఆపైన మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్ల పాటు ఆమెకి హెచ్‌పీవీ పరీక్ష ఉంటుంది. సిన్ 3 ఒకసారి వచ్చిన వాళ్ళలో, చికిత్స బాగా జరిగినా, మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ ముప్పు చాలా ఏళ్లు ఉంటుందని తెలిసింది కాబట్టి అంత కాలం. అందుకే ఆమె రిపోర్టులన్నీ, ఆ ఫొటో ఉన్న మొదటి కాగితంతో సహా, ఒకే ఫైల్లో పెట్టి, డాక్టర్ మారినప్పుడల్లా చూపించమన్నాం.